సాంచాల లెక్క, వడ్డీ లెక్క

మా పద్మానగర్‌లో అప్పు గురించి రెండు మాటలు ఎప్పుడూ వినపడుతుంటాయి. అప్పు జేసి బాగుపడ్డోడు లేడని పెద్దలంటారు. అప్పు జెయ్యకుండ సేటు అయినోడు ఎవడో చూపియ్యమని పోరగాళ్లంటారు. నేను భివండీలో ఇరవై ఆరేండ్లుగా కార్ఖానాల లెక్కలు రాస్తున్నాను. నా వహీల్లో రెండు రకాల మనుషులూ ఉన్నారు. ఒకే గల్లీలో, ఒకే రకం సాంచాలు, ఒకే రకం గుడ్డ నేసి, ఒకాయన అప్పుతో ఎనిమిది నుంచి ఇరవై నాలుగు సాంచాలకు పోయాడు. ఇంకొకాయన అప్పుతోనే ఎనిమిది సాంచాలూ భంగారోడికి తూకం లెక్కన అమ్మి కరీంనగర్ బస్సెక్కాడు. వాళ్లిద్దరి తెలివిలో గాని కష్టంలో గాని అంత తేడా నాకు కనపడలేదు. తేడా ఉన్నది ఒక్క అంకె దగ్గర. సాంచాలు పెట్టుబడి మీద నూటికి ఎంత సంపాదిస్తున్నాయి, అప్పు నూటికి ఎంత తింటున్నది, ఈ రెంటిలో ఏది పెద్దది అన్న దగ్గర.

పోయిన దసరా ముందు మా తమ్ముని కొడుకు ఈ లెక్క కోసమే వచ్చి కూర్చున్నాడు. వాని దగ్గర లక్ష రూపాయలున్నాయి. పన్నెండేండ్లు సాంచా నడిపి, భిశీలో వేసి, భార్య గాజులు కూడా కలిపి కూడబెట్టిన లక్ష. నడుస్తున్న పాత సాంచాలు ఎనిమిది నాలుగు లక్షలకు వస్తున్నాయి. మూడు లక్షలు అప్పు దొరుకుతుందట, నూటికి రూపాయి వడ్డీకి. "పెద్దబాపూ, సొంత లచ్చతోని రెండే సాంచాలొస్తయ్. అప్పు దెస్తే ఎనిమిదొస్తయ్. ఏది మంచిదో జెర లెక్క జెయ్" అన్నాడు.

ముందు సాంచాల సంపాదన రాసుకున్నాం. మాది పీసు వర్కు. నూలు సేటుది, నేత మనది, మీటరుకు పిక్కుల లెక్కన డబ్బులు. 52 పిక్కుల గుడ్డకు పిక్కుకు 8 పైసలంటే మీటరుకు 4 రూపాయల 16 పైసలు. రెండు పాళీలు నడిస్తే సాంచాకు నెలకు 1,650 మీటర్ల దాకా దిగుతుంది. ఎనిమిది సాంచాలకు ఏడాది మీద లక్షా 58 వేల మీటర్లు. చేతికొచ్చేది సుమారు 6,59,000 రూపాయలు. ఈ రేట్లు మా ఒక్క షెడ్డువి. మీ ఊర్లో, మీ గుడ్డకు వేరుగా ఉంటాయి. పద్ధతి మాత్రం ఇదే.

ఇందులోంచి రెండు పాళీల నేతగాళ్ల కూలి 3,10,000 పోతుంది. కరెంటు 1,40,000. షెడ్డు కిరాయి 72,000. జాబర్, నూనె, పికర్లు, రిపేరు కలిపి 41,000. మనవాళ్లు సాధారణంగా ఇక్కడ ఆపి, మిగిలిన 96,000 లాభమంటారు. నేను ఇంకొకటి రాయించాను. నాలుగు లక్షల సాంచాలు పదేండ్ల తర్వాత ఇనుము ధరకు, లక్షా అరవై వేలకు పోతాయనుకుందాం. అంటే ఏటా 24,000 రూపాయల సాంచా అరిగిపోతున్నది. అది చేతిలోంచి పోవడం కనపడదు గాని పోవడం నిజం. అది కూడా తీస్తే మిగిలేది 72,000. నాలుగు లక్షల మీద 72,000 అంటే నూటికి 18.

కూలి దగ్గర వాడు ఒక మాట అడిగాడు. "ఒక పాళీ నేనే నడుపుత గదా, నా కూలి ఎందుకు తీసెయ్యాలె?" తీసెయ్యాలి. వాడు ఇవ్వాళ వేరేవాళ్ల సాంచాలు నడిపినా ఆ కూలి వానికి వస్తూనే ఉన్నది. అది ఒంటి కష్టానికి వచ్చే డబ్బు, లక్షకు వచ్చే డబ్బు కాదు. చాలామంది ఇక్కడే రెండూ కలిపేసి, సాంచాలు నూటికి యాభై ఇస్తున్నాయని మురిసిపోయి, ఎంత వడ్డీకైనా అప్పు తెస్తారు.

ఇప్పుడు అసలు సంగతి. సొంత లక్షతో రెండే సాంచాలు కొంటే నూటికి 18 చొప్పున ఏడాదికి 18,000. ఎనిమిది కొంటే సాంచాలు 72,000 తెస్తాయి. మూడు లక్షల అప్పుకు రూపాయి వడ్డీ అంటే ఏడాదికి నూటికి 12, అంటే 36,000. (అసలు నెల నెలా తగ్గుతుంది కాబట్టి వడ్డీ కొంచెం తక్కువే పడుతుంది. లెక్క తేలికగా ఉండటానికి మొదటి ఏడు అసలు కదల్లేదనుకున్నాం.) మిగిలేది 36,000. పెట్టింది మాత్రం అదే సొంత లక్ష. నూటికి 36. పద్దెనిమిది రెండింతలైంది.

ఇది ఎక్కణ్ణుంచి వచ్చింది? అప్పుగా తెచ్చిన ప్రతి వంద రూపాయలు సాంచాల్లో పడి 18 సంపాదించాయి. అందులో 12 అప్పిచ్చినవానికి పోయాయి. 6 మన దగ్గర ఆగాయి. మన వంద రూపాయలకు అప్పు వందలు మూడు తోడయ్యాయి కాబట్టి ఆ ఆరు మూడుసార్లు వచ్చింది. మన సొంత 18కి ఇంకో 18 కలిసింది. దీన్ని ఇట్లా రాసుకోవచ్చు: సొంత డబ్బు మీద రాబడి = సాంచాల రాబడి + (సాంచాల రాబడి − వడ్డీ) × సొంతానికి అప్పు ఎన్నింతలు. మా వానికి 18 + (18 − 12) × 3 = 36.

షెడ్డులో సాంచా జరపాలంటే పహార కింద దూర్చి, ముందర చెక్క ముక్క పెట్టి నొక్కుతాం. ఒక్క మనిషి బలానికి అంత ఇనుము లేస్తుంది. లెక్కల వాళ్లు దీనికి లివరేజి అనే పేరు పెట్టింది అందుకే. ఈ ఉపాయమంతా వడ్డీ కదలకుండా నిలబడటం మీద ఆధారపడి ఉన్నది. అప్పిచ్చినవానికి 36,000 అని కట్టేశాం. సాంచాలు లక్ష తెచ్చినా వాడు 36,000కు మించి అడగడు, పైదంతా మనది. సాంచాలు పది వేలే తెచ్చినా వాడు 36,000కు తక్కువ తీసుకోడు, తరుగంతా మనది. పంట పంచుకునే కౌలులో అయితే పండితే ఇద్దరికి, ఎండితే ఇద్దరికి. వడ్డీలో అట్లా లేదు. నాలుగు లక్షల సాంచాల ఒడుదుడుకులన్నీ వచ్చి ఒక్క లక్ష మీద కూర్చుంటాయి.

మా వాని మొహం 36 అంకె చూసి వెలిగింది. అప్పుడు పిక్కు రేటు 8 పైసల నుంచి ఏడున్నరకు దించి మళ్లీ లెక్క వేయమన్నాను. అర పైసా. బజారు మందగిస్తే అర పైసా తగ్గడానికి పెద్ద కారణం అక్కర్లేదని సాంచాల మీద బతికే ఎవరికైనా తెలుసు. లక్షా 58 వేల మీటర్లకు, మీటరుకు 52 పిక్కులకు, అర పైసా చొప్పున ఏడాదికి 41,000 తగ్గింది. కూలి తగ్గదు, కరెంటు తగ్గదు, కిరాయి తగ్గదు. 72,000 కాస్తా 31,000 అయింది. నాలుగు లక్షల మీద నూటికి ఏడూ ముప్పావు.

రెండే సాంచాలు, అప్పు లేదు అంటే ఆ ఏడు కూడా లక్ష మీద 7,750 చేతిలో ఉంటాయి. తక్కువే, కానీ లాభమే. ఎనిమిది సాంచాల మీద వచ్చిన 31,000లోంచి మాత్రం 36,000 వడ్డీ పోవాలి. అయిదు వేలు నష్టం. అదే సూత్రంలో ఇప్పుడు ఏడూ ముప్పావులోంచి పన్నెండు తీస్తే నాలుగుంపావు తక్కువ వస్తుంది. ఆ తక్కువే మూడింతలవుతుంది. మంచి ఏడు 18ని 36 చేసిన పహారే చెడ్డ ఏడు ఏడూ ముప్పావును అయిదు నష్టం చేసింది. అర పైసాకు 36 లాభం నుంచి 5 నష్టం దాకా వచ్చాం.

ఇంతవరకు లాభనష్టాల మాట. వాయిదా మాట వేరే. నా అనుభవంలో మనవాళ్లను ముంచేది ఎక్కువగా ఇదే. మూడు లక్షలు అయిదేండ్లకు, నూటికి 12 చొప్పున, మిగిలిన అసలు మీదే వడ్డీ కట్టేటట్టయితే నెలకు 6,673 వాయిదా పడుతుంది. ఏడాదికి 80,000. మంచి ఏడు సాంచాల నుంచి చేతికొచ్చే నగదు 96,000 (అరుగుదల 24,000 చేతిలోంచి పోదు కాబట్టి అది ఇక్కడ మళ్లీ కలుస్తుంది). వాయిదాలు పోతే 16,000 మిగులుతుంది. నూటికి 36 లాభమని రాసుకున్న మనిషి చేతికి నెలకు వచ్చేది 1,300. మిగతా లాభం అప్పు తీరడంలో ఉన్నది. అది నిజమైన లాభమే, కానీ కిరాణా దుకాణంలో చెల్లదు. చెడ్డ ఏడు నగదు 55,000. వాయిదాలు మాత్రం 80,000. నెలకు రెండు వేల పైచిలుకు కూలి డబ్బుల్లోంచి తెచ్చి కట్టాలి. ఆ రెండు వేలు ఇంట్లో లేనోడు ఇంకోచోట రెండు రూపాయల వడ్డీకి తెస్తాడు. అక్కడితో మొదటి లెక్క మొత్తం చెడిపోతుంది.

2016 నవంబరులో నోట్లు రద్దయినప్పుడు కూలి వారం వారం నగదుగా ఇచ్చే మా కార్ఖానాలు ఎట్లా ఆగాయో మీలో చాలామందికి గుర్తుంటుంది. 2017 జులైలో జీఎస్టీ వచ్చిన కొత్తలో సేట్లు నూలు ఇవ్వడానికి వెనకాడారు. 2020 మార్చిలో లాక్‌డౌన్. అప్పుడు వాయిదాలు ఆగస్టు దాకా ఆపుకోవచ్చని రిజర్వు బ్యాంకు అవకాశమిచ్చింది గాని, వాయిదా ఆగినా వడ్డీ నడుస్తూనే ఉండింది. నాలుగేండ్లలో మూడు దెబ్బలు. అప్పు లేనోడు సాంచాలకు గుడ్డ కప్పి ఊరికి పోయి వచ్చాడు. అప్పున్నోడు అమ్మడానికి చూశాడు. అందరూ అమ్మేటప్పుడు సాంచాకు సాంచా ధర రాదు, ఇనుము ధర వస్తుంది. మా వాని లెక్కలో ఏడాది తర్వాత ఇంకా 2,53,000 అప్పు ఉంటుంది. అప్పుడు ఎనిమిది సాంచాలు రెండు లక్షలకే పోతే, వాని లక్ష పోయి, పైన ఇంకో 53,000 బాకీ. నేను ముందు చెప్పిన కరీంనగర్ బస్సు కథ దాదాపు ఇదే.

ఈ లెక్కలు వేసినంక మూడు లక్షలు ఎవరిస్తున్నారని అడిగాను. ఒక పత్‌సంస్థ. కాగితం తెచ్చి చూపించాడు. "12 శాతం, ఫిక్స్‌డ్" అని ఉన్నది. వాయిదా గడిలో మాత్రం 8,000 అని ఉన్నది. పన్నెండు శాతానికి 6,673 రావాలి గదా, ఎనిమిది వేలు ఎట్లా వచ్చింది? మూడు లక్షల మీద ఏడాదికి 36,000 చొప్పున అయిదేండ్లకు 1,80,000 వడ్డీ ముందే కట్టి, మొత్తం 4,80,000ను అరవై నెలలకు పంచారు. దీన్ని ఫ్లాట్ రేటు అంటారు. నెల నెలా అసలు తీరుస్తూనే ఉంటాం, చివరి ఏడాది మన దగ్గర వాళ్ల డబ్బు కొంచెమే మిగిలి ఉంటుంది, అయినా వడ్డీ మాత్రం చివరి నెల దాకా పూర్తి మూడు లక్షల మీదే పడుతుంది. మనం నిజంగా వాడుకున్న డబ్బు మీద లెక్కిస్తే ఇది ఏడాదికి నూటికి 20కి కొంచెం పైన. ఫిక్స్‌డ్ అన్న మాట అబద్ధం కాదు. వడ్డీ మారదు. కానీ మారనిది పన్నెండు కాదు, ఇరవై.

ఈ ఇరవైని సూత్రంలో పెట్టి చూడండి. 18 + (18 − 20) × 3 = 12. మంచి ఏడే, పిక్కుకు 8 పైసలే, ఒక్క రోజు కూడా సాంచా ఆగలేదు. అయినా ఎనిమిది సాంచాలతో సొంత లక్ష మీద నూటికి 12. అప్పు లేకుండా రెండు సాంచాలతో 18 వచ్చేది. నాలుగింతల సాంచాలు పెట్టుకుని, నాలుగింతల నిద్ర పోగొట్టుకుని, తక్కువ సంపాదించడం. నగదు చూస్తే ఇంకా స్పష్టం. ఏడాదికి వాయిదాలు 96,000, సాంచాలు తెచ్చే నగదు 96,000. ఒక మోటారు కాలిపోతే కట్టించడానికి రూపాయి ఉండదు.

మీరు ఇంట్లో కూర్చుని దీన్ని పట్టుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. వాయిదాను నెలలతో గుణించండి. వచ్చినదాంట్లోంచి తీసుకున్న అసలు తీసెయ్యండి. మిగిలింది మొత్తం వడ్డీ. అది సరిగ్గా అసలు × రేటు × ఏండ్లు అయితే అది ఫ్లాట్. మా వాని కాగితంలో సరిగ్గా 1,80,000 వచ్చింది. తగ్గే అసలు మీద వడ్డీ అయితే అదే పన్నెండుకు, అయిదేండ్లకు, సుమారు లక్షే రావాలి. ఫ్లాట్ రేటును దాదాపు రెండింతలకు కొంచెం తక్కువ అనుకుంటే అసలు రేటుకు దగ్గరగా వస్తుంది.

బ్యాంకులో అయితే ఇంకొక ఆధారం ఉన్నది. 2024 అక్టోబరు 1 నుంచి ఇచ్చే కొత్త అప్పుల్లో, మనలాంటి ఇంటి అప్పులకూ చిన్న పరిశ్రమల టర్మ్ లోన్లకూ, కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అనే కాగితం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. అర్బన్ సహకారి బ్యాంకులకూ ఇది వర్తిస్తుంది. మనకు తెలిసిన భాషలో ఉండాలి. అందులో ఏపీఆర్ అనే గడి ఉంటుంది. ప్రాసెసింగు ఫీజు లాంటి ఖర్చులన్నీ కలిపి అప్పు ఏడాదికి నూటికి ఎంత పడుతుందో అక్కడ ఉంటుంది. సూత్రంలో పెట్టాల్సింది ఆ అంకెనే, మేనేజరు నోటితో చెప్పేది కాదు. పత్‌సంస్థలు రిజర్వు బ్యాంకు కిందికి రావు, సహకార శాఖ కిందికి వస్తాయి, కాబట్టి అక్కడ ఆ కాగితం దొరుకుతుందని నమ్మకం లేదు. పైన చెప్పిన గుణకారం మీరే చేసుకోవాలి. అట్లాగే "ఫిక్స్‌డ్" అని రాసిన చోట కింద చిన్న అక్షరాలు చదివించుకోండి. కొన్ని అప్పుల్లో రెండు మూడేండ్ల తర్వాత రేటు మార్చే హక్కు వాళ్లకు ఉంచుకుంటారు. ముందే తీర్చేస్తే జుర్మానా ఎంతో కూడా అక్కడే ఉంటుంది.

మా వాడు ఆ పత్‌సంస్థ కాగితం మీద సంతకం పెట్టలేదు. ఒక సహకారి బ్యాంకులో తగ్గే అసలు మీద పన్నెండుకు దొరికింది, కానీ అక్కడ కూడా మూడు లక్షలు అడగలేదు. నాలుగు సాంచాలే కొన్నాడు, రెండు లక్షలకు. లక్ష సొంతం, లక్ష అప్పు. అదే షెడ్డులో ఇంకొకాయనవి నాలుగు ఉన్నాయి కాబట్టి కూలి, కిరాయి, కరెంటు సగం సగం. 8 పైసలు నిలబడితే సాంచాలు 36,000 తెస్తాయి, వడ్డీ 12,000 పోతే 24,000, అంటే నూటికి 24. ఏడున్నరకు పడితే 15,500లోంచి 12,000 పోయి 3,500 మిగులుతుంది. వాయిదా నెలకు 2,224. ఏడాదికి 26,700. చెడ్డ ఏడు సాంచాల నగదు 27,500. ఎనిమిది వందలు మిగులుతాయన్నమాట, కానీ వాయిదా సాంచాలే కడతాయి, కూలి డబ్బు ముట్టుకోనక్కర్లేదు. "ముప్పయ్యారు పోయి ఇరవై నాలుగైంది గదనే" అని మా మరదలు కొంచెం నిష్ఠూరమాడింది. వాడు పిక్కు రేటు ఏడున్నర అని రాసిన కాగితం ఆమె ముందర పెట్టి, ఎనిమిది సాంచాల వరసలో ఉన్న నష్టం అంకె చూపించాడు.

సాంచాలు సంక్రాంతి నుంచి నడుస్తున్నాయి. పోయిన నెల సేటు పావు పైసా తగ్గించాడు.